జీతం లేని పనికీ లెక్క ఉంటుంది

మన ఉస్మాన్‌గంజ్‌లో లారీ నుంచి దిగిన ప్రతి బస్తాకూ ఒక బిల్టీ ఉంటుంది. ఎన్ని బస్తాలు వచ్చాయి, ఎవరు దింపారు, ఎవరు సంతకం పెట్టారు అన్నది కాగితం మీద ఉంటుంది. మీలో చాలామంది ఈ లెక్కల మధ్యనే పుట్టి పెరిగినవారు. మన సొసైటీ కోసం ఏళ్ల తరబడి పనిచేసిన యువతీ యువకుల పనికి మాత్రం ఇటీవలి వరకు అలాంటి కాగితం ఏదీ లేదు. దానివల్ల ఏం జరిగిందో, దాన్ని ఎలా సరిచేసుకున్నామో ఈ ఏడాది సంచికలో మీ ముందు పెడుతున్నాం. ఇందులో మా పొరపాటు కూడా ఉంది.

విషయం మన సొసైటీకి బాగా తెలిసిన ఒక ఆపాది. ఆమె ఎవరో గుర్తుపట్టకుండా ఉండేందుకు పేరు రాయడం లేదు, కొన్ని వివరాలు మార్చాం. ఇంటర్ సీఈసీ పాసయ్యారు. పెళ్లికి ముందు ఒక మెడికల్ షాపులో పది నెలలు బిల్లింగ్ చేశారు. ఆ తరువాత పిల్లలు, ఇల్లు. జీతం తీసుకున్న ఉద్యోగం అంటే ఆ పది నెలలే. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఇంట్లో కూర్చునే ఫోన్ల మీద బస్తీలో ఎవరికి సరుకులు లేవో జాబితా రాసి ఇచ్చారు. ఏప్రిల్ 25న రంజాన్ మొదలయ్యేసరికి ఆ జాబితా ఆధారంగానే కిట్లు పంచాం. ఆ ఏడాది అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు పాతబస్తీ కాలనీలు మునిగినప్పుడు కూడా ఆమె జాబితాలే పనికొచ్చాయి. అప్పటి నుంచి 2024 వరకు ప్రతి రంజాన్‌లో సరుకు, స్టాకు, పంపిణీ అన్నీ ఆమె చేతి మీదుగానే జరిగాయి.

ఇంటి పరిస్థితి మారి ఉద్యోగం అవసరమైనప్పుడు ఆమె రాసుకున్న రెజ్యూమె మాకు చూపించారు. అందులో అనుభవం అన్న చోట మెడికల్ షాపు ఒక్కటే ఉంది. అట్టడుగున, హాబీల పక్కన, ‘సోషల్ సర్వీసు, పేదలకు సహాయం’ అని ఒక్క ముక్క ఉంది. అయిదేళ్ల పని ఆ నాలుగు మాటల్లో ముగిసిపోయింది. పైగా చూసేవారికి పన్నెండేళ్ల ఖాళీ కనబడుతోంది.

మేం ఆమెతో కూర్చుని మొదట రెజ్యూమె సంగతి పక్కన పెట్టి, ఒకే ఒక్క ఏడాది పని గురించి అడిగాం. 2023 రంజాన్‌లో ఏం చేశారు? ‘కిట్లు పంచాను’ అన్నారు. పంచడానికి ముందు ఏం చేశారు అని మళ్లీ అడిగాం. అప్పుడు ఒక్కొక్కటే బయటికి వచ్చింది.

నలుగురు వాలంటీర్లు నాలుగు గల్లీల నుంచి తెచ్చిన పేర్లు కలిపితే 212 అయ్యాయి. కొన్ని ఇళ్లు అత్తగారి పేరుతో ఒకసారి, కోడలి పేరుతో మరోసారి వచ్చాయి. ఆమె ఫోను నంబరును, ఇంటి నంబరును పక్కపక్కన పెట్టి సరిచూసి, ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవారిని కూడా తీసేసి, 180 ఇళ్లు తేల్చారు. ఒక్కో కిట్‌లో పది కిలోల బియ్యం, రెండు కిలోల కందిపప్పు, రెండు నూనె ప్యాకెట్లు, చక్కెర, టీ పొడి, ఖర్జూరం. నూనె 360 ప్యాకెట్లు, అంటే డబ్బాకు 12 చొప్పున 30 డబ్బాలు రావాలి. డబ్బాలు సరిగ్గా 30 ఉన్నాయని అక్కడితో వదిలేయలేదు. కిట్లు కట్టడానికి ముందురోజే ప్రతి డబ్బా తెరిచి చూశారు. అడుగున నలిగిన డబ్బాలో తొమ్మిది ప్యాకెట్లు కారిపోయి ఉన్నాయి. అదే సాయంత్రం దుకాణదారుకు చెప్పారు, మర్నాడు పొద్దున్నే మార్పించారు. ఆరుగురు వాలంటీర్లకు గల్లీలు పంచి ఇచ్చి మూడు రోజుల్లో పంపిణీ ముగించారు. ఏ రోజు మిగులు ఆ రోజే రాసి ఖాజిన్ సాహెబ్‌కు అప్పగించారు.

హోల్‌సేల్ వ్యాపారం చేసే మీకు ఈ పని పేరేమిటో మేం చెప్పనక్కరలేదు. ఇది స్టోరు గుమాస్తా పని. సరుకు దింపుకోవడం, లెక్క చూడడం, తరుగు పట్టుకోవడం, పంపించడం. ఆమె అయిదేళ్లుగా అదే చేస్తూ, దానికి ‘సేవ’ అన్న పేరు తప్ప మరో పేరు తెలియక ఉన్నారు.

ఇక్కడ ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఉద్యోగం ఇచ్చేవాడు మంచి మనసు కోసం వెతకడు. తన దగ్గర ఉన్న పని ఈ మనిషికి వచ్చా రాదా అని చూస్తాడు. ‘పేదలకు సహాయం చేశాను’ అంటే మనసు కనిపిస్తుంది గాని పని కనిపించదు. ‘30 డబ్బాలు తెరిచి చూసి, తొమ్మిది ప్యాకెట్లు పాడైనట్టు ముందురోజే పట్టుకున్నాను’ అంటే పని కనిపిస్తుంది. అందుకే పని తెలిపే మాట, దాని పక్కన ఒక లెక్క, ఆ లెక్క ఎవరు ధ్రువపరుస్తారో ఒక పేరు, ఈ మూడూ ఉండాలి.

తరువాత వచ్చిన ప్రశ్న, ఎంత అనుభవం అని రాయాలి? ఆమె ‘అయిదేళ్లు’ అని రాయబోయారు. మేం ఆపాం. అయిదేళ్లు అంటే చదివేవాడు రోజూ డ్యూటీ అనుకుంటాడు. ఇంటర్వ్యూలో నిజం తెలిస్తే మిగిలినదంతా అబద్ధమే అనుకుంటాడు. కాబట్టి గంటలు లెక్క కట్టాం. రంజాన్ నెల, దానికి ముందు వారం కలిపి సుమారు 36 రోజులు, రోజుకు నాలుగు గంటలు, 144 గంటలు. మిగతా పదకొండు నెలల్లో నెలకు రెండు ఆదివారాలు, మూడేసి గంటలు, 66 గంటలు. మొత్తం ఏటా 210 గంటలు. అయిదేళ్లకు 1,050. రోజుకు ఎనిమిది గంటల డ్యూటీ ప్రకారం చూస్తే ఇది సుమారు 131 పనిదినాలు, అంటే దాదాపు అయిదు నెలల పూర్తికాలపు ఉద్యోగం. అయిదేళ్లని చెబితే ఎక్కువ, ఏమీ లేదని చెబితే అన్యాయం. గంటలు రాస్తే ఉన్నది ఉన్నట్టు ఉంటుంది.

గంటలు లెక్కపెట్టడం కొత్త సంగతేమీ కాదు. కాలేజీల్లో 1969 నుంచి నడుస్తున్న ఎన్‌ఎస్‌ఎస్‌లో విద్యార్థి ఏడాదికి 120 చొప్పున రెండేళ్లలో 240 గంటలు పనిచేసి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరానికి హాజరైతేనే సర్టిఫికెట్ వస్తుంది. ఆ కాగితానికి విలువ ఉన్నది అది సేవ అన్నందుకు కాదు, వెనక హాజరు రిజిస్టరు ఉన్నందుకు. మన ఆపా ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థి కంటే నాలుగు రెట్లకు పైగా గంటలు పనిచేశారు. లేనిది రిజిస్టరు మాత్రమే. అది ఉంచవలసింది ఆమె కాదు, మేం.

రెజ్యూమె మామూలుగా ఇంగ్లీషులో పంపిస్తారు. అర్థం కోసం ఆ భాగాన్ని ఇక్కడ తెలుగులో ఇస్తున్నాం.

అనుభవం
స్టోరు, పంపిణీ ఇన్‌చార్జి (స్వచ్ఛందం, పార్ట్ టైమ్), ధార్మిక సొసైటీ, ఉస్మాన్‌గంజ్. 2020 నుంచి 2024 వరకు, ఏటా సుమారు 210 గంటలు.
• 2023లో 180 రేషన్ కిట్ల సరుకు దింపుకుని, లెక్క చూసి, స్టాకు రిజిస్టరు రాశాను.
• నాలుగు చోట్ల నుంచి వచ్చిన 212 పేర్లను సరిచూసి, రెండుసార్లు వచ్చినవి తొలగించాను.
• కిట్లు కట్టక ముందే పాడైన సరుకు గుర్తించి మర్నాడే మార్పించాను.
• ఆరుగురు వాలంటీర్లకు పని అప్పగించి, మూడు రోజుల్లో పంపిణీ పూర్తిచేయించాను.
బిల్లింగ్ అసిస్టెంట్, మెడికల్ షాపు, పది నెలలు.

ఇందులో రెండు సంగతులు గమనించండి. జీతం ఉన్న పని, లేని పని వేర్వేరు పేజీల్లో లేవు. రెండూ ‘అనుభవం’ కిందే, కొత్తది ముందు, పాతది తరువాత ఉన్నాయి. జీతం ఉన్న ఉద్యోగాలు నాలుగైదు ఉన్నవారు స్వచ్ఛంద పనిని విడిగా కింద రాసుకోవచ్చు. ఒకటే ఉన్నవారు అలా చేస్తే మంచి సరుకు గోడౌన్ వెనక దాచినట్టే.

రెండోది, ‘స్వచ్ఛందం’ అన్న మాటను దాచలేదు. ఇది కేవలం నీతి కోసం కాదు. ఈ రోజుల్లో చాలా కంపెనీలు ఉద్యోగంలో చేర్చుకునే ముందు వెరిఫికేషన్ చేయిస్తాయి. పీఎఫ్ యూఏఎన్ నంబరు ద్వారా ఎక్కడెక్కడ పనిచేశారో చూస్తాయి. జీతం లేని పని అందులో కనబడదు. మామూలు ఉద్యోగంలా రాసి ఉంటే అది దొంగ అనుభవంగా తేలి, చేతికొచ్చిన ఆఫర్ కూడా పోవచ్చు. స్వచ్ఛందం అని ముందే రాసి ఉంటే పీఎఫ్‌లో ఎందుకు లేదన్న ప్రశ్నే రాదు.

పదవుల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. మన కమిటీల్లో సదర్, నాయబ్ సదర్, మోతమద్, ఖాజిన్ అని పదవులు ఉంటాయి. ఈద్ మిలాప్‌కైనా, మెడికల్ క్యాంపుకైనా ఒక కమిటీ వేసి కుర్రాళ్లకు తలా ఒక పదవి ఇస్తాం. వాళ్లు రెజ్యూమెలో ‘జనరల్ సెక్రటరీ’ అని పెద్ద అక్షరాలతో రాస్తారు. ఎంతమంది సభ్యులు అని అడిగితే అయిదుగురు. అక్కడితో మాట తేలిపోతుంది. నిజానికి పదవి కంటే దాని వెనక పనికే బలం ఎక్కువ. రెండేళ్లు ఖాజిన్‌గా ఉన్న కుర్రాడు రసీదు పుస్తకాలు ఎన్ని ఇచ్చాడు, ఎన్ని వెనక్కి వచ్చాయి, రోకడ్ పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్ ఎప్పుడెప్పుడు సరిచూశాడు అని రాస్తే అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి అంతకంటే ఏం కావాలి? సదర్ అయినా సరే, సభలో కూర్చున్నది తప్ప రాయడానికి ఏమీ లేకపోతే రాయకపోవడమే మంచిది.

ఇప్పుడు మా పొరపాటు సంగతి. ఆ ఆపాకు మేం మొదట ఇచ్చిన లెటర్ ఇలా ఉంది: ‘ఈమె మాకు బాగా తెలుసు. మంచి నడవడిక గలవారు. పేద కుటుంబం. సహాయం చేయవలసిందిగా కోరుతున్నాం.’ ఇది ఉద్యోగానికి పనికొచ్చే లెటర్ కాదు, జకాత్ దరఖాస్తుకు పెట్టే సిఫారసు. మాకు రాయడం అలవాటైన లెటర్ అదొక్కటే కనుక అదే రాసిచ్చాం. అంతటితో ఆగలేదు. ఒక ప్యాకింగ్ సంస్థ వారు లెటర్ మీది నంబరుకు ఫోను చేశారు. ఫోను తీసిన మా బాధ్యుడు సద్బుద్ధితోనే, ‘అవునండీ, మంచి ఆడపిల్ల, నమాజీ, ఇంట్లో కష్టంగా ఉంది, ఏదో ఒకటి ఇప్పించండి’ అన్నారు. స్టాకు రిజిస్టరు ఆమే రాసేవారా అని అడిగితే, ‘అదంతా అందరూ కలిసి చేస్తారండీ’ అన్నారు. వారు మళ్లీ ఫోను చేయలేదు.

ఆ ఒక్క మాటతో ఆమె పని తెలిసిన మనిషి నుంచి సహాయం కోరే మనిషి అయిపోయారు. ఆమెను అలా నిలబెట్టింది వేరే ఎవరో కాదు, అయిదేళ్లు ఆమె చేత పని చేయించుకున్న మేమే. ఆ మాట తరువాత ఆమె మాతో అన్నారు: ‘భాయ్ సాహెబ్, మీరు నాకోసం దువా చేయండి, సిఫారసు మాత్రం చేయకండి. నేను చేసిన పని చెప్పండి చాలు.’

రెండో లెటర్ ఇలా మార్చాం. సొసైటీ లెటర్‌హెడ్, రిజిస్ట్రేషన్ నంబరు. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు పనిచేశారు. ఏటా సుమారు ఎన్ని గంటలు. చేసిన పనులు నాలుగు వాక్యాల్లో, రెజ్యూమెలో ఉన్న లెక్కలే. జీతం ఇవ్వలేదని, ఆటో ఖర్చులు మాత్రమే ఇచ్చామని స్పష్టంగా. ఆమె పనిని స్వయంగా చూసిన మనిషి పేరు, హోదా, ఫోను నంబరు. పేదరికం గురించి, కుటుంబం గురించి, నమాజు గురించి ఒక్క మాట లేదు. ఫోను వస్తే ఎవరు మాట్లాడాలో ఒకరినే నిర్ణయించి, ఆయన బల్ల మీద ఆ లెటర్ కాపీ ఉంచాం. మరో హోల్‌సేల్ సంస్థ నుంచి ఫోను వచ్చినప్పుడు ఆయన లెక్కలు చదివి వినిపించారు. నూనె ప్యాకెట్ల సంగతి కూడా చెప్పారు. ఆమెకు మూడు నెలల ట్రయల్ మీద స్టోరు అసిస్టెంట్‌గా పని దొరికింది. ట్రయల్ ముగిశాక కూడా ఉంచుకున్నారు.

ఇంటర్వ్యూలో ఆమెను ఒక ప్రశ్న అడిగారు: జీతం లేని పనిలో తప్పు జరిగితే అడిగేవారెవరు? ఇది న్యాయమైన ప్రశ్న. ఆమె, ‘కిట్ తక్కువైతే 180వ ఇంటి ముందు ఖాళీ చేతులతో నిలబడేది నేనే కదండీ’ అన్నారట. స్వచ్ఛంద పని చేసిన ప్రతి ఒక్కరూ ఈ ప్రశ్నకు తమ పనిలోంచే ఒక జవాబు ముందే వెతికి పెట్టుకోవాలి.

సొసైటీ పేరు రాయాలా వద్దా అన్న సందేహం కూడా మా పిల్లల్లో ఉంది. ముస్లిం సంస్థ పేరు చూస్తే పిలవరేమో అని భయం. ఈ భయం ఉత్తది కాదు. సుఖ్‌దేవ్ థోరాట్, పాల్ అట్టెవెల్ అనే పరిశోధకులు పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే రకం అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపించి చూశారు. ముస్లిం పేర్లతో వెళ్లిన వాటికి పిలుపులు తక్కువగా వచ్చాయని 2007లో ప్రచురించారు. కాబట్టి ఎవరినీ బలవంతం చేయం. కావాలనుకున్నవారు రెజ్యూమెలో ‘రిజిస్టర్డ్ ధార్మిక సొసైటీ, ఉస్మాన్‌గంజ్’ అని మాత్రం రాసి, అడిగినప్పుడు పూర్తి పేరు ఇవ్వవచ్చు. అందులో అబద్ధం లేదు. పేరు మార్చి చెప్పడం మాత్రం కూడదు. సరుకు తీసుకున్న కుటుంబాల పేర్లు, పంపిణీ ఫొటోలు రెజ్యూమెలోకి గాని, ఇంటర్వ్యూలోకి గాని ఎట్టి పరిస్థితుల్లోనూ రాకూడదు. అవి మన దగ్గర ఉన్న అమానత్.

ఈ పద్ధతికి హద్దులూ ఉన్నాయి. ప్రభుత్వ ఉద్యోగాల్లో నోటిఫికేషన్‌లో అనుభవం అంటే ఏమిటని రాశారో అదే చెల్లుతుంది. అక్కడ జీతం తీసుకున్న ఉద్యోగమే అడిగి ఉంటే మన లెటర్ పనికిరాదు. లైసెన్సు, డిప్లొమా కావలసిన పనులకు అనుభవం ఎంత ఉన్నా ఆ కాగితం తెచ్చుకోవలసిందే. మెడికల్ క్యాంపులో బీపీ రాసిన కుర్రాడు నర్సు కాలేడు. అయితే ఆసుపత్రి రిసెప్షన్‌లో రిజిస్ట్రేషన్ పనికి ఆ అనుభవం చెప్పుకోవచ్చు. అమెరికాలో 2013లో వచ్చిన ఒక ప్రభుత్వ సంస్థ అధ్యయనంలో, నిరుద్యోగుల్లో స్వచ్ఛంద పని చేసినవారికి ఉద్యోగం దొరికే అవకాశం చేయనివారి కంటే 27 శాతం ఎక్కువగా కనబడింది. హైస్కూలు కూడా పూర్తిచేయనివారిలో ఆ తేడా ఇంకా ఎక్కువ. సేవ వల్లనే ఉద్యోగం వచ్చిందని దీనికి అర్థం కాదు. చురుకైనవారు రెండూ చేసి ఉండవచ్చు. అయినా చదువు కాగితాలు తక్కువగా ఉన్నవారికే ఇది ఎక్కువ ఉపయోగమన్నది మా అనుభవానికీ సరిపోతోంది.

ఈ సంవత్సరం నుంచి సొసైటీ ఆఫీసులో వాలంటీర్ల రిజిస్టరు ఒకటి పెట్టాం. తేదీ, పేరు, వచ్చిన సమయం, వెళ్లిన సమయం, చేసిన పని, చూసినవారి సంతకం. రంజాన్ ముగిసిన వారంలోనే ఒక్కొక్కరి గంటలు కూడి, లెక్కలతో లెటర్ సిద్ధం చేస్తున్నాం. నెలలు గడిచాక రాయబోతే ఎవరికీ లెక్కలు గుర్తుండవని ఆపా విషయంలో తెలిసింది. ఆమెకు 2023 వివరాలు గుర్తున్నాయి గాని 2021వి సగం పోయాయి.

మీతో చెప్పవలసినది ఒకటి మిగిలింది. మీ విరాళంతో కొన్న బియ్యం ఒక నెలలో అయిపోతుంది. ఆ బియ్యం లెక్క చూసిన పిల్ల నేర్చుకున్న పని ఆమెతోనే ఉంటుంది. మీలో చాలామందికి దుకాణాలు, గోడౌన్లు, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులు ఉన్నాయి. గుమాస్తా కావాలని వెతుకుతున్నప్పుడు ‘అనుభవం ఉందా’ అని అడుగుతారు. ఇక మీదట మా లెటర్ తెచ్చినవారిని జాలితో తీసుకోవద్దు. లెటర్ మీది నంబరుకు ఫోను చేసి లెక్కలు అడగండి, ఒకరోజు సరుకు దింపే చోట నిలబెట్టి చూడండి. పని రాకపోతే వద్దనండి. వస్తే, ఆ పని మీ డబ్బుతోనే, మీ కళ్ల ముందే నేర్చుకున్నదని గుర్తుంచుకోండి.